ఆయుర్రేఖ ఏ గీత? అరచేయీ ముఖమూ మనల్ని నమ్మించే తీరు

ఎవరైనా అరచేయి చాపి "నా ఆయుర్రేఖ ఎలా ఉంది?" అని అడిగితే, అసలు ఏ గీతను చూడాలన్న దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా చెలామణిలో ఉన్న పద్ధతి ప్రకారం అది చూపుడు వేలికీ బొటనవేలికీ నడుమ మొదలై, బొటనవేలి మొదట్లోని కండను చుట్టుకుంటూ మణికట్టు వైపు దిగే గీత. అయితే ఆరవ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలో పురుష లక్షణాలు చెప్పే అధ్యాయం తెరిస్తే, చూపుడు వేలి దాకా సాగిన రేఖ ఉన్నవారు నూరేళ్లు బతుకుతారనీ, రేఖ పొట్టిగా ఉంటే ఆ మేరకు ఆయుష్షు తగ్గించి లెక్క కట్టాలనీ, రేఖ తెగి ఉంటే చెట్టు మీద నుంచి పడతారనీ ఉంటుంది. సాముద్రిక సంప్రదాయం ఈ రేఖను చిటికెన వేలి కింద బయలుదేరి అరచేతి పైభాగాన అడ్డంగా చూపుడు వేలి వైపు వెళ్లే గీతగా గుర్తించింది. పాశ్చాత్య పద్ధతిలో అదే గీత పేరు హృదయ రేఖ. అది చెప్పేది ప్రేమల గురించి, భావోద్వేగాల గురించి. బొటనవేలిని చుట్టుకున్న గీతను సంప్రదాయం పితృ రేఖ అంది, మధ్యలో అడ్డంగా పోయే దానిని మాతృ రేఖ అంది. ఆ మధ్య గీతే పాశ్చాత్యులకు బుద్ధి రేఖ.

ఇది పేర్లతో సరిపోయే తేడా కాదు. బొటనవేలి చుట్టూ గీత నిండుగా ఉండి, పైగీత మధ్య వేలి కిందే ఆగిపోయిన చేయి ఒకటి ఉందనుకుందాం. ఒక పద్ధతి ప్రకారం ఆ మనిషిది దీర్ఘాయుష్షు, మరో పద్ధతి ప్రకారం కాదు. రెండు పద్ధతుల వారికీ తరతరాల అనుభవం ఉంది, ఇద్దరి దగ్గరికీ జనం వెళ్లారు, ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు జరిగిందని సాక్ష్యం పలికినవారు ఉన్నారు. ఒకే విషయాన్ని వేర్వేరు గీతల మీద చదివి ఇద్దరూ సమానంగా నమ్మించగలిగారంటే, ఆ నమ్మకానికి మూలం గీతలో కాక మరెక్కడో ఉండి ఉండాలి. హస్తసాముద్రికాన్ని అర్థం చేసుకోవడానికి ఆ మూలాన్ని వెదకడమే సరైన దారి అని ఈ వ్యాసం అభిప్రాయం.

ముందుగా గీత అంటే ఏమిటో చూద్దాం. అరచేతిలోని పెద్ద గీతలు చర్మం మడత పడే చోట్లు. అక్కడ చర్మం లోపలి పొరకు గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టే, పిడికిలి బిగించినప్పుడు మిగతా చర్మం చెల్లాచెదురుగా ముడుచుకోకుండా ఒక పద్ధతిలో మడుచుకుంటుంది. బొటనవేలిని అరచేతి మీదుగా చిటికెన వేలి వైపు మెల్లగా తెచ్చి చూస్తే, దాని చుట్టూ ఉన్న గీత ఎందుకు అక్కడే ఉందో కంటికే తెలుస్తుంది. తక్కిన నాలుగు వేళ్లను మడిస్తే రెండు అడ్డగీతలూ లోతవుతాయి. ఈ గీతలు తల్లి గర్భంలో సుమారు 7వ వారానికీ 13వ వారానికీ మధ్య రూపు దిద్దుకుంటాయి. బిడ్డ పుట్టేనాటికే అరచేయి గీతలతో నిండి ఉండటం చూసిన మనిషికి అది ఎవరో ముందే రాసిపెట్టినట్టు తోచడం సహజం. పైగా ఏ ఇద్దరి అరచేతులూ ఒకేలా ఉండవు, ఒకే మనిషి రెండు చేతులూ కూడా అచ్చంగా కలవవు. ఇంత ప్రత్యేకంగా ఉన్నది అర్థం లేకుండా ఎలా ఉంటుందన్న ఊహ అక్కడి నుంచే మొదలవుతుంది.

గీత పొడవుకూ ఆయుష్షుకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నను వైద్యులు కొలిచి చూసిన సందర్భాలు ఉన్నాయి. 1974లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక చిన్న లేఖ 51 మృతదేహాల మీద కొలతలు తీసి సంబంధమేమీ కనిపించలేదని చెప్పింది. 1990లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వచ్చిన మరో పరిశీలన 100 మంది మీద జరిగింది. అందులో బొటనవేలి చుట్టూ ఉన్న గీత పొడవుకూ చనిపోయిన వయసుకూ సంబంధం కనిపించింది. హస్తసాముద్రికాన్ని సమర్థించేవారు ఈ రెండో దాన్ని తరచుగా ఎత్తి చూపుతారు. వ్యతిరేకించేవారు దాన్ని ప్రస్తావించకుండా దాటేస్తారు. రెండూ సరి కాదు. ఆ ఫలితాన్ని నిజమని ఒప్పుకునే, దాని అర్థం ఏమిటని అడగాలి.

మృతదేహం మీద కొలిచినప్పుడు 85 ఏళ్లకు పోయినవారి చేయి 85 ఏళ్ల చేయి, 45 ఏళ్లకు పోయినవారి చేయి 45 ఏళ్ల చేయి. వయసు పెరిగే కొద్దీ చర్మం పలచబడుతుంది, బిగువు తగ్గుతుంది, ముడతలు పెరుగుతాయి, ఉన్న మడతలు ఇంకా సాగుతాయి. అందువల్ల ముసలివారి గీత పొడవుగా ఉండటంలో వింత లేదు. గీత పొడవుగా ఉండి వారు ఎక్కువ కాలం బతికారనవచ్చు, ఎక్కువ కాలం బతకడం వల్ల గీత పొడవైందనీ అనవచ్చు. ఆ కొలత ఈ రెంటినీ విడదీయలేదు. విడదీయాలంటే ఇరవై ఏళ్ల వయసులోనే వందలమంది చేతుల ముద్రలు తీసి, కొలిచి, భద్రపరచి, వారి జీవితాలు పూర్తయ్యేదాకా ఆగాలి. జోస్యం అన్న మాటకు తగిన పరీక్ష అదొక్కటే, ఎందుకంటే జోస్యం చెప్పేది బతికి ఉన్న యువకుడి చేతిని చూసి.

ఇక గీతను చదివే పద్ధతి. బాగా నేర్చినవారు ఒక్క గీతతో ఆగిపోరు. మొదట చేతి ఆకారం, చర్మం మెత్తదనం, బొటనవేలు వంగే తీరు చూస్తారు. తరవాత వేళ్ల మొదళ్లలోని ఉబ్బెత్తు స్థానాలను వేలితో నొక్కి చూస్తారు. చూపుడు వేలి కింద గురు స్థానం, మధ్య వేలి కింద శని, ఉంగరపు వేలి కింద రవి, చిటికెన వేలి కింద బుధ స్థానం ఉంటాయి. బొటనవేలి మొదట్లో శుక్ర స్థానం, దానికి ఎదురుగా అరచేతి వెలుపలి అంచున చంద్ర స్థానం ఉంటాయి. ఆ తరవాతే గీతలకు వస్తారు. గీత లోతుగా ఉందా పలచగా ఉందా, ఎక్కడైనా తెగిందా, మధ్యలో చీలి మళ్లీ కలిసి ద్వీపంలా ఏర్పడిందా, చివర రెండుగా చీలిందా అన్నవి చూస్తారు. తెగుదల అంటే ఆపద, ద్వీపం అంటే నలత లేదా చింత. కానీ తెగిన చోట పక్కనే మరో సన్నగీత నడుస్తుంటే అది కాపాడుతుందని, చుట్టూ చతురస్రం ఉంటే గండం గడిచిపోతుందని అంటారు. ఎడమ చేయి పుట్టుకతో వచ్చినదీ కుడి చేయి స్వయంకృషితో సంపాదించినదీ అని కొందరు, పురుషులకు కుడి, స్త్రీలకు ఎడమ చూడాలని కొందరు చెబుతారు.

ఈ నియమాల్లో ఏ ఒక్కటీ దానికదే వింతగా అనిపించదు. అన్నిటినీ ఒకచోట పెట్టినప్పుడే వాటి స్వభావం బయటపడుతుంది. చెడును సూచించే ప్రతి గుర్తుకూ దాన్ని రద్దు చేసే మరో గుర్తు ఉంది. ఒక చేయి కుదరకపోతే రెండో చేయి ఉంది. మనిషి చెప్పిన సంగతికి చేయి సరిపడకపోతే, సరిపడే గుర్తు మరో చోట దొరుకుతుంది. చదివేవారు మోసగించాలని ఇలా చేస్తారని అనుకోనక్కరలేదు. పద్ధతిలోనే అంత వెసులుబాటు ఉన్నప్పుడు, నిజాయితీగా వెదికేవారికి కూడా జవాబు దొరికి తీరుతుంది.

వయసు లెక్క విషయంలో ఈ వెసులుబాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మణికట్టు దగ్గర మొదలై మధ్య వేలి వైపు నిలువుగా వెళ్లే గీతను భాగ్య రేఖ అంటారు. అది బుద్ధి రేఖను దాటే చోటును కొందరు 30వ ఏడుగా లెక్క కడతారు, మరికొందరు 35వ ఏడుగా. ఈ రెండు లెక్కల మధ్యే ఐదేళ్లు ఉన్నాయి. గీత వెడల్పు, చూసే కోణం, ఎక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టారన్నది కలిపితే అటూ ఇటూ మరో రెండు మూడేళ్లు జారిపోతాయి.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించి, దగ్గర నుంచి చూద్దాం. చేయి చూపిస్తున్నావిడకు ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి. చూసేది ఒక పెద్దాయన. ఆయన ఆమె చేతిని వెలుతురులోకి తిప్పి, బొటనవేలి చుట్టూ ఉన్న గీత మీద వేలు నిలిపి కాసేపు మాట్లాడకుండా ఉంటారు.

"ఇక్కడ చిన్న తెగుదల ఉందమ్మా. ఇరవై ఎనిమిదికీ ముప్పై ఐదుకీ మధ్య జీవితంలో ఒక పెద్ద కుదుపు వచ్చి ఉండాలి."

ఆమె ఒక్క క్షణం ఆలోచిస్తుంది. "ముప్పై రెండో ఏట మా నాన్నగారు పోయారండీ."

"అదే. ఇదిగో, ఈ గీతకు తండ్రితో సంబంధం ఉంటుంది. అప్పటి నుంచి ఇంటి భారం నీ మీద పడింది. పైకి ధైర్యంగానే కనిపిస్తావు గానీ, లోపల చాలా మథనపడతావు."

"అవునండీ. నా మనసులో ఉన్నది ఎవరికీ చెప్పను."

ఇంటికి వెళ్లాక ఆమె చెప్పే మాట ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "మా నాన్నగారు పోయిన సంగతి చేయి చూసి చెప్పేశారు" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు అలాగే గుర్తుంది. కానీ సంభాషణను మళ్లీ చదివితే, తండ్రి మాట మొదట ఎత్తింది ఆమే. ముప్పై రెండన్న అంకె ఇచ్చిందీ ఆమే. పెద్దాయన ఇచ్చింది ఎనిమిదేళ్ల కాలం, "కుదుపు" అన్న ఒకే ఒక్క మాట. ఆ మాటకు కొలత లేదు. దగ్గరివారి మరణం, ఉద్యోగం పోవడం, పెద్ద జబ్బు, ఊరు మారడం, పెళ్లి, విడిపోవడం, అప్పు, బిడ్డ పుట్టడం, వీటిలో ఏది జరిగినా కుదుపే.

ఇలాంటి సంగతులు నాలుగే ఉన్నాయనీ, ఎనిమిదేళ్లలో ఒక్కొక్కటి జరిగే అవకాశం సగానికి సగమేననీ, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదనీ అనుకుందాం. నాలుగింటిలో ఒక్కటీ జరగకుండా ఉండే అవకాశం పదహారో వంతు మాత్రమే. అంటే 16 మందికి ఈ మాట చెబితే సగటున 15 మంది అవునంటారు. అసలు జీవితంలో కుదుపు అనిపించగల సంగతులు నాలుగు కాదు, చాలా ఎక్కువ. తెగుదలను ఇరవై ఎనిమిదికీ ముప్పై ఐదుకీ నడుమ కాక మరో ఎనిమిదేళ్ల మీద పెట్టినా ఈ లెక్క పెద్దగా మారదు. ఆ గీత అసలు తెగకుండా ఉన్నా మారదు.

"పైకి ధైర్యం, లోపల మథనం" అన్న మాట సంగతి వేరు. దానికి జ్ఞాపకాన్ని వెదకనక్కరలేదు, అద్దం చూసుకున్నట్టు వెంటనే తగులుతుంది. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, తరవాత ఎవరి ఫలితం వారికే అంటూ ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంతవరకు సరిపోయిందో 0 నుంచి 5 వరకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. ఆ తరవాత చూసుకుంటే అందరి చేతుల్లో ఉన్నదీ ఒకే కాగితం. అందులోని వాక్యాలను ఆయన అంగట్లో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి ఏరి పెట్టాడు. నలుగురూ మెచ్చుకోవాలని కోరుకుంటారు, మీతో మీరే కఠినంగా ఉంటారు, ఇంకా బయటపడని సామర్థ్యం మీలో ఉంది అన్న తీరు మాటలవి.

ఈ వాక్యాల నిర్మాణం గమనించదగ్గది. అవి పూర్తిగా పొగడ్తలు కావు, అలాగైతే అనుమానం వస్తుంది. విమర్శా కావు. ఒక కొసను పట్టుకుని వెంటనే రెండో కొసనూ పట్టుకుంటాయి. ధైర్యం ఉంది, భయం ఉంది. కలుపుగోలుతనం ఉంది, ఒంటరితనమూ ఉంది. మనిషి తనను తాను లోపలి నుంచి చూసుకుంటాడు గనక ఈ రెండు కొసలూ తనలో ఉన్నాయని అతనికి తెలుసు. ఎదుటివారిని బయటి నుంచే చూస్తాడు గనక వారిలో ఒక కొసే కనిపిస్తుంది. అందుకే అందరికీ సరిపడే మాట తనకొక్కడికే సరిపడినట్టు అనిపిస్తుంది. తెలివి తక్కువ వారే ఇలా నమ్ముతారనడం తప్పు. ఫోరర్ పరీక్షకు కూర్చున్నవారు మనస్తత్వ శాస్త్రం చదువుకుంటున్న విద్యార్థులు.

వినేవారు నమ్మడం ఒక ఎత్తు, చెప్పేవారు నమ్మడం మరో ఎత్తు. ఈ రెండో దానికి రే హైమన్ అనుభవం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. తరవాతి కాలంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడైన హైమన్, కుర్రవాడిగా ఉన్నప్పుడు నాలుగు డబ్బులు సంపాదించడానికి చేతులు చూసేవాడు. మొదట్లో అతనికి ఆ విద్య మీద నమ్మకం లేదు. కానీ చేయి చూపించుకున్న ప్రతివారూ ఎంత బాగా చెప్పావంటూ ఆశ్చర్యపోతుంటే, కొంతకాలానికి గీతల్లో నిజంగానే ఏదో ఉందన్న నమ్మకం అతనిలో స్థిరపడింది. అప్పుడు స్టాన్లీ జాక్స్ అనే అనుభవజ్ఞుడు, మనసులో మాట చెప్పే ప్రదర్శనలు ఇచ్చేవాడు, అతనికో సలహా ఇచ్చాడు. గీతలు ఏం చెబుతున్నాయో దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పి చూడమన్నాడు. హైమన్ అలాగే చేశాడు. మునుపు ఎంత బాగా సరిపోయాయన్నారో, తలకిందులు చేసి చెప్పిన మాటలూ అంత బాగానే సరిపోయాయన్నారు.

మన ఉదాహరణలో పెద్దాయన తెగుదలకు బదులు "ఈ గీత ఎక్కడా తెగలేదమ్మా, ఎంత పెద్ద దెబ్బ తగిలినా నిలబడ్డావు" అని ఉంటే, ఆమె అప్పుడూ తండ్రి మరణాన్నే తలచుకునేది. అప్పుడూ అవుననే అనేది. హైమన్ చూసింది సరిగ్గా దీన్నే. ఎదుటి మనిషి తలూపడాన్ని సాక్ష్యంగా తీసుకున్నంత కాలం, చెప్పేవారు తమ తప్పు ఎప్పటికీ కనుక్కోలేరు, ఎందుకంటే తప్పు చెప్పినా తల ఊగుతుంది. యాభై ఏళ్ల అనుభవం ఉందని ఎవరైనా చెబితే ఆ అనుభవం అబద్ధం కానక్కరలేదు. కానీ తప్పును తప్పుగా చూపించే అవకాశమే లేని చోట ఎన్నేళ్ల అనుభవమైనా విద్యకు పదును పెట్టదు, ఆత్మవిశ్వాసాన్ని మాత్రమే పెంచుతుంది.

ముఖం విషయానికి వస్తే పరిస్థితి కొంత మారుతుంది. సాముద్రికం మొదటి నుంచీ ఒంటి లక్షణాలన్నిటినీ చూసే శాస్త్రంగానే తనను చెప్పుకుంది. చెయ్యి అందులో ఒక భాగం, ముఖం మరో భాగం. విశాలమైన నుదురుకు తెలివి, కొనదేలిన గడ్డానికి పట్టుదల లేమి, దగ్గరగా కలిసిన కనుబొమలకు కోపం అంటగట్టే వాక్యాలు అనేక దేశాల పుస్తకాల్లో కనిపిస్తాయి. చైనా సంప్రదాయం ముఖాన్ని అడ్డంగా మూడు భాగాలు చేసి నుదుటిని యౌవనానికీ, కనుబొమల నుంచి ముక్కు కొన దాకా నడివయసుకూ, కింది భాగాన్ని వృద్ధాప్యానికీ కేటాయించింది. ఐరోపాలో 18వ శతాబ్దం చివర స్విట్జర్లాండ్‌కు చెందిన లావాటర్ రాసిన గ్రంథాలు ఈ విద్యకు ఎంత పలుకుబడి తెచ్చాయంటే, దాని ప్రభావం డార్విన్ ప్రయాణాన్ని దాదాపు ఆపేసింది. 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ లావాటర్ మాటలను గట్టిగా నమ్మేవాడు. డార్విన్ ముక్కు ఆకారం చూసి, ఇంత దూర ప్రయాణానికి కావలసిన శక్తీ దృఢ సంకల్పమూ ఈ మనిషిలో ఉండవేమోనని సందేహించాడు. ఈ సంగతి డార్వినే తన ఆత్మకథలో రాశాడు. ఆ ముక్కుతోనే ఆయన దాదాపు ఐదేళ్లు సముద్రాల మీద తిరిగి వచ్చాడు.

అరచేయి చదవడానికి ఎవరైనా నేర్పాలి. ముఖం చదవడం ఎవరూ నేర్పనక్కరలేదు, అది మనం ఆపుకోలేని పని. 2006లో విల్లిస్, టొడొరోవ్ అనే పరిశోధకులు ముఖాల ఫొటోలను సెకనులో పదో వంతు మాత్రమే చూపించి, ఈ మనిషిని నమ్మవచ్చా, సమర్థుడా అని అడిగారు. కావలసినంత సేపు చూసి చెప్పినవారి అభిప్రాయాలతో ఆ క్షణకాలపు అభిప్రాయాలు చాలా వరకు కలిశాయి. అంతకు ముందు ఏడాది టొడొరోవ్ బృందమే అమెరికా సెనేట్ ఎన్నికల్లో పోటీ చేసిన అభ్యర్థుల ఫొటోలను జంటలుగా చూపించి, ఇద్దరిలో సమర్థుడిగా కనిపించేది ఎవరని అడిగింది. సమర్థుడిగా ఎంపికైన ముఖం దాదాపు 70 శాతం పోటీల్లో గెలిచినవారిదే అయింది.

ముఖ సాముద్రికాన్ని నమ్మేవారు దీన్ని తమ వైపు సాక్ష్యంగా తీసుకోవచ్చు. కానీ ఆ పరీక్షలో కొలిచింది గెలిచినవారి సామర్థ్యాన్ని కాదు, వారిని చూసి జనం ఏమనుకుంటారన్న దాన్ని. ఓటు వేసేవారూ ముఖాన్ని చూస్తారు, పరీక్షలో కూర్చున్నవారూ ముఖాన్నే చూస్తారు, ఇద్దరి చూపూ ఒకటే కాబట్టి జవాబు కలిసింది. పదిమంది ఒకే మాట చెప్పడం వేరు, ఆ మాట నిజం కావడం వేరు. ముఖ సాముద్రికం బలం, ప్రమాదం కూడా, ఈ రెండూ కలగలిసిపోవడంలోనే ఉన్నాయి.

మరి అందరికీ ఒకే అభిప్రాయం ఎందుకు కలుగుతుంది? దీనికి ఎక్కువగా ఒప్పుకునే కారణం, మనం క్షణికమైన హావభావాన్ని చదవడానికి అలవాటుపడిన కంటితోనే స్థిరమైన ఎముకల అమరికనూ చదువుతామన్నది. కోపం వచ్చినప్పుడు కనుబొమలు దగ్గరకు వచ్చి కిందికి దిగుతాయి. పుట్టుకతోనే కనుబొమలు దగ్గరగా, కిందికి ఉన్నవారు ఏ కోపమూ లేకుండా కూర్చున్నా కోపంగా ఉన్నట్టు కనిపిస్తారు. పెదవుల కొసలు కాస్త కిందికి వంగి ఉన్నవారు ఎప్పుడూ దిగులుగా ఉన్నట్టు అనిపిస్తారు. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, చిన్న గడ్డం ఉన్న పెద్దవారిలో పసితనపు పోలికలు కనిపించి, అమాయకులన్న భావన కలుగుతుంది. పుస్తకాల్లోని చాలా నియమాలు ఈ పొరపాటునే శాశ్వతం చేసి రాసినవి. దీన్ని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒకే మనిషివి వేర్వేరు రోజుల్లో తీసిన ఫొటోలు ఐదారు, ఆ మనిషి తెలియనివారికి చూపించి ఎంత నమ్మదగినవారో చెప్పమంటే, ఫొటోను బట్టి జవాబు మారిపోతుంది. ఎముకలు మాత్రం మారలేదు.

చేయి చూసి, ముఖం చూసి వైద్యులూ కొన్ని సంగతులు చెబుతారు కదా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయంగానే వస్తుంది. చెబుతారు. రెండు అడ్డగీతల బదులు అరచేతి మీదుగా ఒకే గీత పోవడం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందిలో కనిపిస్తుంది. ఆ సిండ్రోమ్ లేనివారిలో ఇది నూటికి ఒకరిద్దరిలో, కొన్ని జనాభాల్లో మరికొంత ఎక్కువమందిలో ఉంటుంది. లక్ష జననాలు తీసుకుందాం. 700లో ఒకరి చొప్పున డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు సుమారు 140 మంది అవుతారు, వారిలో ఒకే గీత ఉన్నవారు 70 మంది. మిగిలినవారిలో నూటికి ఇద్దరి చొప్పున వేసినా ఒకే గీత ఉన్నవారు దాదాపు 2,000 మంది. అంటే ఆ గీత ఉన్న చేతుల్లో అత్యధిక భాగం ఏ సమస్యా లేనివారివే. అందుకే వైద్యులు ఆ గీతను చూసి నిర్ధారణకు రారు. మిగతా లక్షణాలు చూసి, అవసరమైతే క్రోమోజోముల పరీక్ష చేయించి, అప్పుడు మాట్లాడతారు. గుర్తుకు ఎంత బరువు ఉందో లెక్క కట్టడం, తప్పయితే తప్పని చూపించే పరీక్ష ముందు ఉంచడం, ఈ రెండే వైద్యుడి చూపునూ సాముద్రికుడి చూపునూ వేరు చేస్తాయి. ఇద్దరూ చూసేది అదే అరచేతిని.

సాముద్రికాన్ని అలాంటి పరీక్షకు పెట్టడం కష్టమేమీ కాదు. దాదాపు ఒకే వయసున్న పదిమందిని, అందరూ ఆడవారో అందరూ మగవారో అయ్యేలా తీసుకుని, అరచేతులకు సిరా పూసి కాగితం మీద ముద్రలు తీయాలి. చదివేవారు మనుషులను చూడకూడదు, గొంతు వినకూడదు. ఆ ముద్రలను బట్టి పది ఫలితాలు రాయించి, పేర్లు తీసేసి, కలిపేసి, ఒక్కొక్కరికీ పదింటినీ ఇచ్చి తమది ఏదో గుర్తు పట్టమనాలి. గీతల్లో ఏమీ లేకపోయినా, గుడ్డిగా ఎంచుకున్నా పదిమందిలో సగటున ఒకరు తమ కాగితాన్నే తీస్తారు. కాబట్టి ఒకరో ఇద్దరో సరిగా గుర్తు పడితే అందులో విశేషం లేదు. ఏడెనిమిది మంది గుర్తు పడితే గట్టిగా ఆలోచించాల్సిందే. ఈ పరీక్షలో చాలామంది ఒకటి కన్నా ఎక్కువ కాగితాలు తమవేనేమో అని తటపటాయిస్తారు. ఫోరర్ కాగితం ఎందుకు పనిచేసిందో అప్పుడు వారికే తెలిసివస్తుంది.

ఇన్ని చెప్పుకున్నాక కూడా ఆ ముప్పై ఎనిమిదేళ్లావిడ ఆ రోజు ఉత్త చేతులతో ఇంటికి వెళ్లలేదు. తండ్రి పోయి ఆరేళ్లయింది. ఇంటి భారం మీద పడిందన్న సంగతిని అప్పటిదాకా ఎవరూ ఆమెతో అన్నట్టు లేదు, ఆమె కూడా ఎవరితోనూ చెప్పుకున్నట్టు లేదు. ఒక పెద్దాయన ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, తొందర లేకుండా అరగంట సేపు ఆమె గురించే మాట్లాడారు, ఆమె చెప్పింది విన్నారు. ఆమెకు దొరికిన ఊరట నిజమైనదే. అది బొటనవేలి చుట్టూ ఉన్న ఆ మడత నుంచి రాలేదు. ఆమె తండ్రి మాట ఎత్తినప్పుడు ఎదుట కూర్చున్న మనిషి దాన్ని అందుకున్నాడు, అక్కడి నుంచి వచ్చింది. ఆ తరవాత ఆయన అదే వేలిని గీత మీద ఇంకాస్త కిందికి జరిపి, రాబోయే ఏళ్లలో ఫలానా పని మొదలుపెట్టవద్దనో, ఫలానా సంబంధం కుదరదనో చెప్పి ఉంటే, అంతకు ముందు దొరికిన ఊరట బలంతోనే ఆమె ఆ మాటనూ నమ్మి ఉండేది.